పంచాంగం ఫొటోలోంచి పదిన్నర గంటలు తీసేస్తే చాలా?

ఇంటి నుంచి అమ్మ వాట్సాప్‌లో పంచాంగం పేజీ ఫొటో పంపుతుంది. "ఇందులోంచి పదిన్నర గంటలు తీసేస్తే మన టైమ్ వచ్చేసినట్టేనా?" అని డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. తిథికి, నక్షత్రానికి అవును. రాహుకాలానికి మాత్రం కాదు.

ఆగస్టు మొదట్లో ఒక శనివారం వరుసలో "పంచమి సా.4.10 వరకు, హస్త తె.3.20 వరకు" అని ఉందనుకోండి. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. పదిన్నర తీస్తే పంచమి మనకి శనివారం ఉదయం 5.40కే అయిపోతుంది. అప్పటికి డాలస్‌లో ఇంకా తెల్లవారదు, సూర్యోదయం 6.40 ప్రాంతంలో. అంటే మన శనివారం సూర్యోదయానికి ఉన్నది షష్ఠి. పై వరుసలో చవితి శుక్రవారం సా.3.25 వరకు అని ఉంటే, మనకి శుక్రవారం తెల్లవారుజామున 4.55కే పంచమి వచ్చేసింది. సూర్యోదయ తిథి చూసే పనికి ఇండియాలో శనివారమైతే మనకి శుక్రవారం.

హస్త దగ్గర ఇంకో చిక్కుంది. పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం వరకు. కాబట్టి శనివారం వరుసలో "తె." అని ఉంటే అది ఆదివారం తెల్లవారుజాము. మనకి శనివారం సాయంత్రం 4.50. వరుసలో శనివారం అని ఉందని ఆ తారీఖే పట్టుకుంటే ఒక రోజంతా తేడా వస్తుంది.

ఫొటో మసగ్గా ఉండి అది 4.10ఓ 9.10ఓ తెలియకపోతే పై వరుస చూడండి. ఏ తిథీ సుమారు 20 గంటలకు తగ్గదు, 27కి మించదు. నిన్న 3.25 నుంచి ఇవాళ 4.10కి దాదాపు 25 గంటలు, సరిపోయింది. 9.10 అయితే 30 గంటలకి దగ్గర, అది కుదరదు. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక మార్చి దాకా తీయాల్సింది పదకొండున్నర గంటలు.

రాహుకాలం అక్కడి పగటిని ఎనిమిది భాగాలు చేసి లెక్కగట్టింది. శనివారం 9.00 నుంచి 10.30లోంచి గంటలు తీస్తే శుక్రవారం రాత్రి పదిన్నర వస్తుంది, రాత్రిపూట రాహుకాలమేమిటి! ఇక్కడి పగలు 6.40 నుంచి 8.24 అయితే ఒక్కో భాగం 103 నిమిషాలు. శనివారానిది మూడో భాగం, అంటే 10.06 నుంచి 11.49. దుర్ముహూర్తం కూడా ఇక్కడి పగటిని బట్టే. వర్జ్యం మాత్రం నక్షత్రాన్ని బట్టి వచ్చేది, దాన్ని గంటలు తీసే మార్చుకోవచ్చు.

ఇక ముహూర్తం. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. అక్కడ పెట్టిన లగ్నం టైమ్‌ని ఇక్కడికి మార్చుకోకండి. డాలస్ పేరు, తారీఖు చెప్పి పంతులుగారిని మళ్ళీ పెట్టమనండి.