అప్రైజల్‌కి ముందు క్యూసీ కెమిస్ట్ సిద్ధం చేసుకోవాల్సిన ఒక్క పేజీ

"పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీ క్యూసీలో నాలుగేళ్లుగా చేస్తున్నాను. గ్రాస్ నెలకి 26 వేలు. నాతో చదివినవాడు పరవాడలో 5 లక్షల ప్యాకేజీ అంటున్నాడు. ఏప్రిల్ అప్రైజల్‌లో ఎంత అడగొచ్చు, ఏం చూపించి అడగాలి?"

ముందు ఆ 5 లక్షలను విప్పి చూడండి. అందులో వేరియబుల్ 50 వేలు, బీమా ప్రీమియం 6 వేలు, బేసిక్ నెలకి 15 వేలు అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకి 1,800 చొప్పున 21,600 అవుతుంది. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, అంటే ఇంకో 8,658. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,13,742, నెలకి గ్రాస్ దాదాపు 34,500. మీ 26 వేలతో పోల్చాల్సింది ఈ అంకెని. ప్యాకేజీని తీసుకెళ్లి గ్రాస్ పక్కన పెడితే హెచ్ఆర్ మొదటి నిమిషంలోనే మీ లెక్క తప్పని చూపిస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటకీ విలువుండదు.

ఒక్క స్నేహితుడి జీతం మార్కెట్ కాదు. కనీసం ఐదుగురివి కావాలి. అందరూ మూడు నుంచి ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, హెచ్‌పీఎల్‌సీ మీద చేతులు తిరిగినవాళ్లు, పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం వైపు పనిచేసేవాళ్లు అయ్యుండాలి. మీ సెక్షన్ నుంచి ఈ ఏడాది వెళ్లిపోయినవాళ్లని అడగండి. వాకిన్‌లకి వెళ్లొచ్చినవాళ్లని అడగండి. ఫోన్ చేసే కన్సల్టెన్సీవాళ్లని "ఈ పోస్టుకి ఫిక్స్‌డ్ ఎంత" అని సూటిగా అడగండి. జాబ్ సైట్లలో కనిపించే రేంజ్ మరీ వెడల్పు, సరిచూసుకోడానికి తప్ప పనికిరాదు.

హైదరాబాద్ అంకెలు పట్టుకొచ్చి వాదించేవాళ్లని చూస్తే బాధేస్తుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో సొంతింట్లో ఉండి కంపెనీ బస్సులో వస్తున్నారని సార్లకి తెలుసు. "అక్కడ అద్దె ఎంతో తెలుసా" అన్న ఒక్క మాటతో మీ వాదన పడిపోతుంది.

మీకు దొరికిన గ్రాస్‌లు 28, 29.5, 31, 32, 34.5 వేలు అనుకోండి. సగటు కాదు, వరసలో మధ్యది తీసుకోండి: 31 వేలు. మీకూ దానికీ తేడా 5 వేలు, మీ జీతం మీద 19 శాతం. మామూలు ఇంక్రిమెంట్‌లో ఇంత శాతం రావడం కష్టం. అందుకే "ఇంక్రిమెంట్ కాకుండా మార్కెట్‌కి తగ్గ కరెక్షన్" అని విడిగా అడగాలి. 32 వేలు అడగండి, 29,500 కంటే కిందికి దిగకండి. అంకెలు ఎవరివో పేర్లు మాత్రం చెప్పకండి.

ఇక చేసిన పని. "కష్టపడి చేశాను, సెలవులు పెట్టలేదు" అనేది పేజీలో రాయాల్సిన మాట కాదు. ఏం జరిగింది, మీరేం చేశారు, దాంతో ఏం మారింది, అది ఏ రికార్డులో ఉంది, ఈ నాలుగూ ఉండాలి. ఉదాహరణకి: "ఫలానా ప్రోడక్ట్ అసేలో ఆర్నెల్లలో మూడు ఓఓఎస్‌లు వచ్చాయి. శాంపిల్ ప్రిపరేషన్‌లో సోనికేషన్ సమయం చాలక డ్రగ్ పూర్తిగా కరగడం లేదని ఇన్వెస్టిగేషన్‌లో తేల్చాను. చేంజ్ కంట్రోల్ ద్వారా ప్రొసీజర్ మారింది. తర్వాత ఆర్నెల్లలో అదే కారణంతో ఒక్కటీ రాలేదు." ఒక్కో ఓఓఎస్‌కి బ్యాచ్ ఆగిపోతుంది, ఇద్దరు అనలిస్టుల సమయం పోతుంది, డిస్పాచ్ వెనక్కి వెళ్తుంది. ఆగిన రోజులెన్నో రాస్తే మీ సార్‌కి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

జూనియర్లకి నేర్పడం ఎవరూ రాసుకోరు, ఇది నిజంగా అన్యాయం. ఎంతమందిని ట్రైనింగ్ రికార్డు మీద సంతకంతో క్వాలిఫై చేశారో రాయండి. అయితే ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: క్రోమటోగ్రామ్‌లు, లాగ్‌బుక్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీయొద్దు. అది క్రమశిక్షణ చర్యకి దారితీసే తప్పు. ఇంటికెళ్లాక తేదీ, పని మాత్రమే సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆధారం కంపెనీ రికార్డులోనే ఉంటుంది. బ్యాచ్ నంబర్లు అక్కర్లేదు.

ఇదంతా ఏప్రిల్‌లో చెప్తే ఆలస్యమైపోతుంది. లెటర్ చేతికొచ్చేసరికి డిపార్ట్‌మెంట్ బడ్జెట్ పంచేసి ఉంటారు. జనవరిలోనే మీ సెక్షన్ హెడ్‌ని పావుగంట అడిగి, రెండు మూడు పనులతో పాటు ఆ మధ్య అంకె కూడా ఉన్న ఒక్క పేజీ ఇవ్వండి. నేరుగా హెచ్ఆర్ దగ్గరికి వెళ్తే ఆయన్ని దాటి వెళ్లినట్టు అవుతుంది. పైన మీ తరఫున మాట్లాడాల్సింది ఆయనే, ఆ పేజీ ఆయన చేతిలో ఉండాలి. "సార్, ఈ పనికి బయట మధ్యస్థంగా 31 వేలు ఇస్తున్నారు. కరెక్షన్‌తో 32కి తీసుకురాగలరా?" అని అడిగి ఊరుకోండి. ఇంటి అప్పు, చెల్లి పెళ్లి మధ్యలో తేవద్దు.

బడ్జెట్ లేదంటే, అక్టోబరులో మళ్లీ చూస్తారా అని అడగండి. ఒప్పుకుంటే అదే రోజు సాయంత్రం "మీరు చెప్పినట్టు అక్టోబరులో కరెక్షన్ పరిశీలిస్తారని అర్థమైంది" అని ఆయనకి మెయిల్ పెట్టండి. సెక్షన్ హెడ్ మారిపోతే నోటి మాట ఆయనతోనే పోతుంది.