మేనల్లుడికి తగిలేలా ప్రసంగం వద్దు

"మేడమ్ గారూ, మాది పర్లాకిమిడి. ఇక్కడ తెలుగు సంఘానికి కాపరిని. న్యూజెర్సీలో మా చెల్లెలు వాళ్లు వెళ్లే తెలుగు సంఘం వాళ్లు ఈ వేసవిలో వచ్చి ఒక ఆదివారం వాక్యం చెప్పమన్నారు. 40 నిమిషాలు. పెద్దవాళ్లకేమో ఇంటి బెంగ. పిల్లలకి తెలుగు సరిగా రాదు, మాట వినరు అని వాళ్ల బాధ. మా మేనల్లుడికి 16 ఏళ్లు. కొన్నాళ్లుగా చర్చికి రానంటున్నాడు. 'అన్నయ్యా, వాడికి తగిలేలా చెప్పు' అని చెల్లి ఫోన్లో ఏడుస్తోంది. నేను ఆ దేశం ఎప్పుడూ చూడలేదు. ఏం చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉంది. – గజపతి జిల్లా నుంచి ఒక పాస్టరు"

పాస్టరు గారూ,

ముందు మీ చెల్లెలి మాట సంగతి తేల్చేద్దాం. వాడికి తగిలేలా చెప్పకండి. పరాయి దేశంలో తెలుగు సంఘమంటే అందరిళ్ల సంగతులూ అందరికీ తెలిసిన చోటు. మీరు "కొందరు యౌవనస్థులు" అనగానే తలలన్నీ మీ చెల్లెలి వైపు తిరుగుతాయి. అబ్బాయి ఆ రోజు రాకపోయినా, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు చెవిన వేస్తారు. అమ్మానాన్నలకి చెప్పలేనిది మేనమామకి చెప్పుకోవడం మనిళ్లలో ఉన్నదే. ఆ చనువును పుల్‌పిట్ మీద ఖర్చు పెట్టేస్తే తిరిగి రాదు.

ఇక సిద్ధపాటు. వాక్యభాగం వెతకడానికి ముందు నాలుగైదు ఇళ్లకు ఫోన్ చేయండి. "బెంగగా ఉందా?" అని అడిగితే "దేవుని కృప, బాగున్నాం" అంటారు. "ఎప్పుడు బెంగ ఎక్కువవుతుంది?" అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి. ఇక్కడ మధ్యాహ్నం 3 గంటలకు తల్లిని సమాధి చేస్తుంటే, వేసవిలో అక్కడ తెల్లవారుజామున 5:30. వంటింట్లో నిలబడి ఫోన్లో చూసి, కళ్లు తుడుచుకుని, 8 గంటలకు డ్యూటీకి వెళ్లిపోయినవాళ్లు ఉంటారు. అటువంటి మనిషికి "పరలోకమే మన దేశం" అన్న మాట మొదటి 5 నిమిషాల్లోనే చెప్పేస్తే అది ఓదార్పు కాదు, నోరు మూయించడం.

పిల్లల్ని పెద్దల ఎదుట అడగొద్దు. యూత్ చూసేవారికి చెప్పి, పేర్లు లేకుండా కాగితాల మీద రాయించండి. ఒక్క ప్రశ్న చాలు: ఇంట్లో చెప్పాలనుకుని మానేసిన సంగతి ఏమిటి? ఆసుపత్రిలో, బ్యాంకులో అమ్మానాన్నల పక్కన నిలబడి చిన్నప్పటి నుంచీ మాటలు అందించిన పిల్లలుంటారు. బయట పెద్దరికం మోసి, ఇంటికొచ్చాక "నీకేం తెలుసు" అనిపించుకుంటే వాళ్లకెలా ఉంటుందో ఆ కాగితాల్లో కనబడుతుంది. వాళ్లు రాసినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు ప్రసంగంలో చదవకండి. రాత చూసి కాకపోయినా, మాట తీరు చూసి తల్లులు పట్టేస్తారు.

వాక్యం దగ్గరికి వస్తే, ఇలాంటి సభల్లో బోధకులు నెహెమ్యా 13 తీస్తారు. పిల్లలకు యూదుల భాష రాలేదని నెహెమ్యా నొచ్చుకున్న చోటు కదా, పెద్దలు గట్టిగా ఆమేన్ అంటారు. తర్వాతి వచనంలోనే ఆయన కొందరిని కొట్టి జుట్టు పెరికాడని ఉంది. పిల్లలు ఫోన్లో ఇంగ్లీషు బైబిలు తెరిచి అది కూడా చదువుతారు. 137వ కీర్తన బెంగకు బాగా సరిపోతుంది గానీ, దాని చివరి వచనంలో పసిపిల్లల్ని బండకేసి కొట్టే మాట ఉందని మీకు చెప్పక్కర్లేదు. విప్పి చెప్పే సమయం లేనప్పుడు దాన్ని కదపకండి.

నన్నడిగితే ఆదికాండము 48 తీసుకోండి. ముసలి తాత యాకోబు, పరదేశంలో స్థిరపడ్డ కొడుకు యోసేపు, ఆ దేశంలోనే పుట్టిన ఇద్దరు మనవలు, నలుగురూ ఒకే గదిలో ఉంటారు. మన బొమ్మల్లో మనవల్ని చిన్నపిల్లల్లా వేస్తారు. లెక్క చూడండి. వాళ్లు కరువుకు ముందే పుట్టారు, యాకోబు కరువు రెండో ఏడు దాటాక వచ్చాడు, ఐగుప్తులో 17 ఏళ్లు బతికాడు. అంటే ఈ సంగతి జరిగేటప్పటికి వాళ్లకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. తల్లి ఐగుప్తు యాజకుని కూతురు. మీ ఎదుట కూర్చునే యూత్ ఈడే.

ఆ గదిలో తాత చేసినవి వరసగా చెప్పండి. చూపు ఆనని ఆ మనిషి "వీరెవరు?" అని అడిగాడు. దేవుడు ఈ చోట నాకిచ్చిన కొడుకులు అన్నాడు యోసేపు. 'ఈ చోట' అన్నదగ్గర కాస్త ఆగండి. తాత దగ్గరికి పిలిచి ముద్దు పెట్టుకుని కౌగిలించుకున్నాడు. రూబేను, షిమ్యోను ఎలా నావాళ్లో వీళ్లూ అలాగే నావాళ్లు అని అప్పటికే చెప్పి ఉన్నాడు. ముందు కనాను మాటల్లో పరీక్ష పెట్టి, పాసైతే ఆశీర్వదిస్తాననలేదు.

మరి బెంగో? అది కూడా ఆ ముసలాయనలో నిండా ఉంది. నన్ను ఇక్కడ పాతిపెట్టకు, నా పితరుల దగ్గరికి తీసుకుపో అని 47వ అధ్యాయం చివర కొడుకు చేత ప్రమాణం చేయించుకున్నాడు. ఆ బరువు కొడుకు మీద పెట్టాడు, మనవల మీద పెట్టలేదు. మీ ప్రసంగమంతా ఈ ఒక్క చోట నిలబడాలని నా అభిప్రాయం. బెంగ పడడం తప్పు కాదని పెద్దలకు చెప్పండి. దాన్ని తోటి పెద్దవాళ్ల దగ్గర, దేవుని దగ్గర దించుకోమనండి. "మీ కోసమే ఇక్కడ పడి ఉన్నాం" అన్న మాట పిల్లల మీద వేయొద్దనండి. తాత చేతులు అటూ ఇటూ మార్చి, కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెట్టినప్పుడు యోసేపు కినిసి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు చూశారూ, దాన్ని తండ్రుల కోసం ఉంచుకోండి. పెద్దవాడికి ఇది, చిన్నవాడికి అది అని మనం వేసుకున్న లెక్క తప్పినప్పుడు మనకీ అలాగే ఉంటుంది.

ఆ దేశం చూడలేదని జంకకండి. మీ సండేస్కూల్లోనే ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే పిల్లలు లేరూ? మా బరంపురంలో తెలుగు పాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడతారు. వాళ్లకు భక్తి తక్కువని మీరెప్పుడైనా అనుకున్నారా? ఆ ఒక్క ఉదాహరణ చెప్పండి, పెద్దల ముఖాలు మారతాయి. తేడా కూడా చెప్పాలి. మీ పిల్లలకు నది దాటితే పాతపట్నం, బజారంతా తెలుగే. అక్కడి పిల్లలకు తెలుగంటే అమ్మానాన్నల నోరే. ఆ నోట తిట్లే ఎక్కువ వినబడితే వాళ్లకు తెలుగు అంటే అదే.

ఇంగ్లీషు తర్జుమా పెడితే మీ 40 నిమిషాలు 20 అవుతాయి. అందుకని ఒకే భాగం, ఒకే మాట. తర్జుమా చేసే వారికి వారం ముందే రాతప్రతి పంపండి. బైబిల్లోని గ్రాంథికం చదివాక వాడుక మాటల్లో మళ్లీ చెప్పండి. పిల్లలకే కాదు, చాలామంది పెద్దలకూ అది కావాలి. కూడిక అయ్యాక ఎవరైనా వారాలుగా నిద్ర లేదు, బతకాలని లేదు అంటే ప్రార్థన చేసి పంపేయకండి. చావు ఆలోచనలు వచ్చేవాళ్లకు తోడు నిలిచే నంబరు అక్కడ 988, దానికి ఫోన్ చేయవచ్చని చెప్పి, ఆ ఇంటికి తోడుగా ఎవరినైనా పంపేలా అక్కడి పాస్టరుకు అప్పగించండి.

మేనల్లుడికి ఈ వారమే ఫోన్ చేయండి. చర్చి ఊసెత్తొద్దు. "ఒరేయ్, నా ప్రసంగం ఇంగ్లీషులోకి మారిస్తే ఎక్కడ నవ్వొస్తుందో చూసి చెప్పు" అని రాతప్రతి వాడికీ పంపండి. నిజంగా అవసరమై అడగండి, వంకగా కాదు. వాడు కొట్టేయమన్న వాక్యం సబబుగా ఉంటే కొట్టేయండి. ఈ సంగతి చెల్లెలికి చెప్పకండి, చెబితే ఆదివారం పొద్దున్నే బయల్దేరమని వాడి వెంట పడుతుంది. వాడు ఆ రోజు రాకపోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఎందుకు రాలేదు" అని మాత్రం అడక్కండి.