చేతిరాత వర్షపాతం రిజిస్టరు: ఇద్దరు వేర్వేరుగా టైప్ చేశాక తేడాలు ఎలా తేల్చాలి?

ప్రశ్న: మా దగ్గర పాత తాలూకా ఆఫీసు వర్షపాతం రిజిస్టర్ల స్కాన్‌లు ఉన్నాయి, అన్నీ చేతిరాతే. ఒకే పేజీని ఇద్దరితో విడివిడిగా టైప్ చేయిస్తున్నాం. తేడా వచ్చిన గడుల్లో ఎవరిది సరైనదో ఎలా తేల్చాలి? ప్రతి పేజీకి అడుగున నెల మొత్తం ఎలాగూ ఉంది కదా, ఒకరితో టైప్ చేయించి మొత్తం సరిచూసుకుంటే చాలదా?

జవాబు:

చాలదండీ. నేను ఇలాంటి రిజిస్టర్ల మీద, ముఖ్యంగా తేడాలు తేల్చే కుర్చీలో కూర్చుని, పనిచేశాను. మొత్తం సరిచూడటం పట్టుకునే తప్పులు వేరు, రెండు ఎంట్రీలను పోల్చడం పట్టుకునే తప్పులు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. ఒక జులై నెలతో చూపిస్తాను, అక్కడే మీ రెండు ప్రశ్నలకూ సమాధానం దొరుకుతుంది.

పాత రిజిస్టర్లలో వాన అంగుళాల్లో, సెంట్లలో ఉంటుంది. సెంటు అంటే అంగుళంలో నూరో వంతు. పేజీ అడుగున నెల మొత్తం, వాన రోజుల సంఖ్య రాసి ఉంటాయి. 10 సెంట్లు, అంతకు మించి కురిస్తేనే వాన రోజు కింద లెక్క (ఇప్పటి 2.5 మిల్లీమీటర్ల లెక్క కూడా దాదాపు అదే). ఇద్దరూ టైప్ చేసిన వాన పడ్డ తేదీలు ఇవి:

```
తేదీ   మొదటి   రెండో
3      0.42    0.42
4      1.17    1.71
9      0.08    0.03
10     0.65    0.65
11     2.10    2.10
17     0.31    0.31
18     0.14    0.14
24     1.06    ఖాళీ
25     0.55    1.06
26     ఖాళీ    0.55
రిజిస్టర్లో మొత్తం 7.08, వాన రోజులు 8
```

ముందు 24, 25, 26 తేదీలు చూడండి. మూడు గడుల్లో తేడా కనిపిస్తోంది గానీ జరిగిన తప్పు ఒక్కటే. రెండో వ్యక్తి ఒక వరస కిందికి జారారు. వరసగా నాలుగైదు తేడాలు వచ్చి, ఒకరి 24 ఇంకొకరి 25తో, ఒకరి 25 ఇంకొకరి 26తో సరిపోతుంటే అది జారుడే అని వెంటనే గుర్తుపట్టొచ్చు. ఇప్పుడు మీరన్న పద్ధతి దీని మీద ప్రయోగించండి. జారినా మొత్తం మారదు, వాన రోజులూ మారవు. ఆ ఒక్కరే టైప్ చేసి ఉంటే మొత్తం సరిపోయిందని పేజీని పక్కన పెట్టేవాళ్లు, వాన మాత్రం తప్పు తేదీ మీద ఉండిపోయేది. ఉదయం కొలిచిన వానను ఆ ఉదయం తేదీ కింద రాస్తారు, అది అంతకు ముందు 24 గంటల్లో పడ్డ వాన. దీనికి తోడు ఇంకో రోజు పక్కకు జారితే ఏ చెరువు కట్ట ఎప్పుడు తెగిందో, ఏ వాగు ఎప్పుడు పొంగిందో పోల్చి చూసేవాళ్లకు లెక్కే తప్పిపోతుంది. ఈ జాతి తప్పును పట్టేది రెండో ఎంట్రీయే.

4వ తేదీన తేడా 54 సెంట్లు. 54ని 9 నిశ్శేషంగా భాగిస్తుంది. పక్క పక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 గుణిజమే. అందుకని 17, 71 తారుమారయ్యాయని స్కాన్ తెరవకముందే ఊహించవచ్చు. అయినా స్కాన్ తెరిచి చూసే తేల్చాలి, ఎందుకంటే తారుమారు చేసింది ఎవరన్నది తేడా చెప్పదు. ఇక్కడ పేజీలో 1.17 స్పష్టంగా ఉంది.

9వ తేదీ అసలు చిక్కు. సిరా చెదిరింది, అది 8 కావచ్చు, 3 కావచ్చు. ఇలాంటి చోట తేల్చే మనిషి ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు పోవాలని చూస్తారు. వద్దు. రెండూ రాసి, గడికి గుర్తు పెట్టి, మిగతావన్నీ తేలేదాకా ఆపండి.

ఇప్పుడు మొత్తం కట్టండి. 9వ తేదీన 8 అనుకుంటే 6.48 వస్తుంది, 3 అనుకుంటే 6.43. రిజిస్టర్లో 7.08. అంటే ఇంకా 60 సెంట్లో 65 సెంట్లో తేడా మిగిలి ఉంది. ఇద్దరి మధ్య తేడాలన్నీ తేలిపోయాక కూడా పేజీ సరిపోవడం లేదు. అంటే ఇద్దరూ ఒకేలా తప్పు చదివిన గడి ఎక్కడో ఉంది, దాన్ని పోలిక ఎప్పటికీ చూపించదు. డబుల్ ఎంట్రీ మీద పెట్టుకునే నమ్మకం అంతా ఇద్దరి తప్పులూ వేర్వేరు చోట్ల పడతాయన్న దాని మీదే నిలబడి ఉంది. వేళ్లు జారడం వరకు అది నిజం. గుమాస్తా 7 మీది గీతను మరీ పొట్టిగా రాస్తే మాత్రం ఎంతమంది చదివినా 1 అనే చదువుతారు.

తేడా 60 అయితే పదుల స్థానంలో ఒక్క అంకె 6 మేర మారితే చాలు, 1 బదులు 7. తేడా 65 కావాలంటే కనీసం రెండు తప్పులు జరిగి ఉండాలి. ఎక్కడైనా 60 సెంట్ల వానను ఇద్దరూ పూర్తిగా వదిలేశారేమో అంటే, అప్పుడు వాన రోజులు 9 అయ్యేవి. రిజిస్టర్లో 8 అని ఉంది, మన లెక్కలోనూ 8 ఉన్నాయి. కాబట్టి సెంట్ల పదుల స్థానంలో 1 ఉన్న గడులు ముందు వెతకాలి: 4న 1.17, 11న 2.10, 18న 0.14. మూడూ స్కాన్‌లో పెద్దవి చేసి, అదే గుమాస్తా అదే పేజీలో తేదీల వరసలో రాసిన 7, 17, 27 పక్కన పెట్టి చూశాం. 18వ తేదీ అంకె ఆ 7లతో కలిసింది, మిగతా రెండూ నిలువు గీత 1లే. 0.14 కాదు, 0.74. దాంతో 9వ తేదీ కూడా 0.08 అని తేలింది, పేజీ 7.08కి సరిపోయింది.

ఇక్కడ ఒక హద్దు ఉంది, దాన్ని దాటకూడదు. మొత్తం ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏం రాయాలో చెప్పదు. స్కాన్‌లో 18వ తేదీ అంకె నిక్కచ్చిగా 1లాగే కనిపించి ఉంటే దాన్ని 7 చేసే హక్కు మనకు లేదు. గుమాస్తాలు కూడికలో పొరపడ్డ పేజీలు ఉంటాయి. అప్పుడు రోజువారీ అంకెలు ఉన్నవి ఉన్నట్టు, మొత్తం కూడా ఉన్నది ఉన్నట్టు ఉంచి, పక్కన రిమార్కుల వరసలో రెండూ కలవడం లేదని రాయాలి. పేజీ సరిపెట్టడం కోసం అంకె మార్చడం మొదలైతే రిజిస్టరు పోయి మన ఊహ మిగులుతుంది.

తేల్చే మనిషి టైప్ చేసిన ఇద్దరిలో ఒకరు కాకూడదు. మూడో మనిషికి కూడా ఏ అంకె ఎవరిదో తెలియకూడదు, ఎందుకంటే చురుకైన టైపిస్టు పేరు కనిపిస్తే కన్ను అటే వాలుతుంది. పేర్లు తీసేసి, ఒక్కో పేజీకి ఎడమ కుడి మార్చి చూపించండి. మూడో మనిషికి రెండూ కాని అంకె రాసే వీలు కూడా ఉండాలి. ఓటు వేయించినట్టు ముగ్గురితో టైప్ చేయించి ఎక్కువ మంది చెప్పింది తీసుకునే పద్ధతి నాకు నచ్చదు. పైన చూసిన 0.14 లాంటి గడిలో ముగ్గురూ 0.14 అనే అంటారు.

టైపిస్టులు ఇద్దరూ పని జరుగుతుండగా ఒకరినొకరు అడగకూడదు. ఒకే గదిలో కూర్చుంటే "ఇది ఎనిమిదా అండీ?" అన్న మాట వచ్చి తీరుతుంది, ఆ గడిలో రెండో ఎంట్రీ ఉన్నా లేనట్టే. అర్థంకాని అంకెకు ఊహించకుండా ప్రశ్నార్థకం టైప్ చేయమనండి. వీలైతే ఇద్దరికీ పేజీల వరస వేరుగా ఇవ్వండి, అలసట ఇద్దరికీ ఒకే పేజీల మీద పడదు.

ఇద్దరూ ఒకేలా తప్పడానికి చేతిరాత ఒక్కటే కారణం కాదు. ఫైలు కూడా చేస్తుంది. ఎక్సెల్లో 1-17 అని కొడితే తేదీ అయిపోతుంది, ఇద్దరి ఫైళ్లలోనూ ఒకే తేదీ అవుతుంది, పోలికలో తేడా రాదు. 1 అంగుళం 8 సెంట్లను 1.8 అని కొడితే అది 1 అంగుళం 80 సెంట్లు. అందుకని అంగుళాలకు ఒక నిలువు వరస, సెంట్లకు ఒక నిలువు వరస విడిగా పెట్టి, రెండింటినీ టైప్ మొదలుపెట్టకముందే టెక్స్ట్‌గా సెట్ చేయండి. తేదీలు ముందే అచ్చు వేసి ఇవ్వండి, టైపిస్టు తేదీ కొట్టే పని ఉండకూడదు.

ఖాళీ గడి, గీత, సున్నా మూడూ వేర్వేరుగా టైప్ కావాలి. సున్నా అంటే కొలిచారు, వాన లేదు. ఖాళీ అంటే వాన లేకపోవడం కావచ్చు, ఆ రోజు కొలవకపోవడం కావచ్చు. ఆ అర్థం తేల్చడం టైపిస్టు పని కాదు, పేజీలో ఏముంటే అది కొట్టాలి. గుమాస్తా గీతతో ఏం చెప్పదలచాడన్నది తర్వాత రిజిస్టరంతా చూసి ఒకసారి నిర్ణయించి రాసి పెట్టుకోండి. ఇక్కడ పోల్చే సూత్రంలో ఒక గుంట ఉంది. టెక్స్ట్‌గా సెట్ చేయడం మరిచిన గడులను ఎక్సెల్లో మామూలు సమానం గుర్తుతో పోలిస్తే, ఖాళీ గడి, అంకె 0 రెండూ సమానమేనని చెబుతుంది. కింద ఇచ్చినట్టు పోల్చితే వేర్వేరుగా పట్టుకుంటుంది (First, Second అన్నవి రెండు షీట్ల పేర్లు):

```
=IF(EXACT(First!C5,Second!C5),"","X")
```

నెల మొత్తం లేని పేజీలు, అడుగు చిరిగిన పేజీలు మీకు తప్పకుండా వస్తాయి. అక్కడ ఉమ్మడి తప్పును పట్టే సాధనం లేదు కాబట్టి శ్రమ పడాలి. ఆ గుమాస్తా రాసిన మంచి పేజీల నుంచి 0 నుంచి 9 దాకా అంకెల నమూనాలు కత్తిరించి ఒక కాగితం మీద పెట్టుకోండి. మొత్తాలున్న పేజీల్లో ఉమ్మడి తప్పులు ఏ అంకెల జంటల్లో దొరికాయో, ఏ గడి ఎందుకు మారిందో రాసుకునే మీ లాగ్‌లో ఉంటుంది, ఉదాహరణకు 1-7 లేదా 3-8. మొత్తం లేని పేజీల్లో ఆ జంటల అంకెలున్న గడులన్నీ, ఇద్దరూ ఒకే మాట చెప్పినా సరే, నమూనాతో మళ్లీ చూడండి. గుమాస్తా మారి చేతిరాత మారిన చోట కొత్త నమూనా కాగితం చేసుకోవాలి, పాతది అక్కడ దారి తప్పిస్తుంది.

రెండు ఎంట్రీల ఫైళ్లనూ తేల్చాక తుడిచేయకండి. మొదటిది, రెండోది, తేల్చినది, ఏ గడి ఎందుకు మారిందో చెప్పే లాగ్, నాలుగూ విడివిడిగా ఉంచండి. మిల్లీమీటర్లలోకి మార్చడం అన్నిటికన్నా చివర, తేల్చిన ఫైలు మీదే చేయండి. పై జులైకి 7.08ని 25.4తో గుణిస్తే 179.8 మిల్లీమీటర్లు వస్తుంది. ముందే మార్చి ఒక్కో రోజు విలువను గుండ్రం చేస్తే ఆ అంకెల మొత్తం రిజిస్టర్ మొత్తంతో చివరి స్థానంలో కలవకపోవచ్చు, అప్పుడు లేని తప్పు కోసం పేజీలు తిరగేస్తూ కూర్చోవాల్సి వస్తుంది.