50 పెద్దదా, 35 పెద్దదా?

ప్రశ్న: మా అమ్మాయి చదువు ఈ ఏడాదే అయిపోయింది. రెండు ఉద్యోగాలు వచ్చాయి. జీతం రెండింట్లోనూ దాదాపు ఒకటే. ఒక సంస్థ రిటైరయ్యాక చివరి జీతంలో 50 శాతం పెన్షన్ ఇస్తుందట, ఆ మొత్తం జీవితాంతం మారదు. రెండోది 35 శాతమే ఇస్తుంది కానీ ధరలతో పాటు పెంచుతామంటోంది. 50 ఇచ్చే చోటే చేరమని నేను, వద్దని అమ్మాయి. ఎవరి మాట రైటు?

జవాబు: నా మొగ్గు మీ అమ్మాయి వైపే. అయితే రెండో సంస్థ పెన్షన్ రూల్స్‌లో ‘పెంచుతాం’ అన్న వాక్యం ఎలా రాసి ఉందో చూశాకే ఆ మాట గట్టిగా చెప్పగలను. దాని సంగతి తర్వాత. ముందు 50 లెక్క చూద్దాం.

రిటైరయ్యే నాటి జీతం 100 అనుకోండి. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతున్నాయి అనుకుందాం. ఆ లెక్కన సుమారు 14 ఏళ్లకు ధరలు రెట్టింపవుతాయి, అంటే మారని పెన్షన్‌తో కొనగలిగేవి సగానికి పడిపోతాయి. 28 ఏళ్లకు ఆ సగంలో మళ్లీ సగం. 30 ఏళ్లు నిండేసరికి చేతికొచ్చేది అదే 50, కానీ దానితో వచ్చేవి రిటైరైన రోజున 11.6తో వచ్చినంతే. కాగితం మీద ఒక్క అంకె కూడా తగ్గదు కాబట్టి ఈ నష్టం ఏ ఏడాదీ కొట్టొచ్చినట్టు కనబడదు. మొదటి ఐదారేళ్లు ‘బాగానే ఉంది కదా’ అనిపిస్తుంది. ఇరుకు తెలిసేసరికి మళ్లీ ఉద్యోగం వెతుక్కునే వయసు దాటిపోయి ఉంటుంది.

35 సంగతి తలకిందులు. ధరలతో సమానంగా పెరిగితే తొమ్మిదో ఏట అది దాదాపు 52కి చేరి, మారని 50ని దాటుతుంది. 30వ ఏట కూడా దాని కొనుగోలు శక్తి మొదటి రోజున్న 35 దగ్గరే నిలుస్తుంది.

‘మరి మొదట్లో ఎక్కువ తీసుకున్నాం కదా, దాన్ని దాచుకుంటే?’ అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మారని 50 తీసుకుంటూ, ధరలకు తగ్గట్టు పెంచే పని మనమే చేసుకుంటే ఎంత మిగులుతుందో చూద్దాం. దాచిన డబ్బు కూడా పన్నులు పోగా ఏటా 5 శాతమే పెరుగుతుందనుకోండి. మొదటి ఏడాది 50లో 27 మాత్రమే ఖర్చు పెట్టి, 23 పక్కన పెట్టాలి. ఖర్చు ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే 14వ ఏట అది 50 దాటుతుంది, అప్పటి నుంచి దాచిన దాన్ని తీసి వాడుకోవాలి. సరిగ్గా 30 ఏళ్లకు ఆ నిల్వ అయిపోతుంది. అంటే మారని 50 అసలు విలువ 27. దాన్ని 35తో పోల్చాలి. పైగా 27 నిలబడాలంటే రిటైరైన మొదటి ఏడాదే పెన్షన్‌లో దాదాపు సగం ముట్టుకోకూడదు. ఇంతమంది పెద్దవాళ్ల జమాఖర్చులు చూశాను, అలా చేసిన వాళ్లు నాకు ఒకరిద్దరే తగిలారు. 31వ ఏడు కూడా బతికి ఉంటే ఏమిటన్న టెన్షన్ వేరే.

మీ వాదనకూ బలముంది, అదీ చెప్పాలి. ధరలు ఏటా 2 శాతమే పెరిగితే అదే లెక్కలో 50 విలువ 38 అవుతుంది, అప్పుడు మీరే రైటు. 3 శాతమైతే సుమారు 34, రెండూ ఇంచుమించు సమానం. అలాగే ధరలు 5 శాతం చొప్పున పెరిగినా, పెన్షన్ 16 ఏళ్లకు మించి తీసుకోకపోతే మొత్తం మీద 50దే పైచేయి. 17వ ఏట నుంచి 35 ముందుకెళ్తుంది. ఎన్నేళ్లు బతుకుతామో, ధరలు ఎలా ఉంటాయో ముందే ఎవరికి తెలుసు? మారని పెన్షన్‌లో ఆ రెండో రిస్క్ మొత్తం పెన్షనర్ మీద పడుతుంది. ధరలతో పెరిగే పెన్షన్‌లో అది ఇచ్చేవాళ్ల మీద పడుతుంది, అందుకే వాళ్లు 50 బదులు 35తో మొదలుపెడుతున్నారు. అక్కడ మోసమేమీ లేదు.

ఇప్పుడు ఆ వాక్యం సంగతి. అమ్మాయి చేత హెచ్ఆర్ వాళ్లను పెన్షన్ రూల్స్ కాపీ అడిగించండి. బ్రోషర్ చాలదు. ‘పెంచవచ్చు’ అని ఉందా, ‘పెంచాలి’ అని ఉందా చూడండి. మొదటిది వాళ్ల దయ, డబ్బుకు ఇబ్బంది వచ్చిన ఏడాది ఆగిపోతుంది. అలాంటి ఏడాదే ధరలు కూడా మండుతుంటే ఇబ్బంది రెట్టింపు.

‘పెంచాలి’ అని ఉన్నా, దేన్ని బట్టి పెంచుతారన్నది ముఖ్యం. వినియోగదారుల ధరల సూచీ ఎంత పెరిగితే అంత అని ఉంటే మంచిదే. చాలాసార్లు దాని పక్కనే ‘గరిష్ఠంగా 3 శాతం’ లాంటి మాట ఉంటుంది. ధరలు 3 దాటనంత కాలం ఆ పరిమితి ఉన్నట్టే తెలియదు. వరసగా మూడేళ్లు 8 శాతం చొప్పున పెరిగాయనుకోండి, పెన్షన్ మాత్రం 3 చొప్పునే పెరుగుతుంది. మూడేళ్లలో 35 విలువ 30.4కి దిగుతుంది. తర్వాత ధరలు శాంతించినా పోయిన ఆ 4.6 తిరిగి రాదు. వెనకబడిన శాతాన్ని తర్వాతి ఏళ్లలో కలిపే నిబంధన ఉంటేనే వస్తుంది. 30 ఏళ్లూ ధరలు 5 శాతం చొప్పున, పెన్షన్ 3 శాతం చొప్పున పెరిగితే 35 విలువ చివరికి 19.7. మారని 50కి మిగిలే 11.6 కంటే నయమే గానీ, మీకు చెప్పిన ‘ధరలతో పాటు’ అన్న మాట అది కాదు.

నేను స్వయంగా దెబ్బతిన్న చోటు ఇంకొకటుంది. మా ఇంట్లో ఒకరి పెన్షన్ ‘ఏటా 3 శాతం పెంపు’ అని చదివి సంతోషించాం. పెంచేది అప్పటి పెన్షన్ మీద కాదు, మొట్టమొదటి పెన్షన్ మీద అని నాలుగేళ్లకు గానీ అర్థం కాలేదు. 35 మీద అలా పెంచితే ప్రతి ఏడూ కలిసేది 1.05 మాత్రమే, 30 ఏళ్లకు 66.5 అవుతుంది. అప్పటి పెన్షన్ మీద పెంచితే 85 అవుతుంది. తేడా అంతా ‘మొదటి’ అన్న ఒక్క మాటలో ఉంది.

చివరిగా, అమ్మాయి వయసుకు ఇంకా దగ్గరి విషయం. మొదటి ఉద్యోగంలోనే రిటైరవుతుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. 34 ఏళ్లకు మానేసి, అప్పటిదాకా కూడిన పెన్షన్ 60 ఏళ్లకు తీసుకుంటే మధ్యలో 26 ఏళ్లు. ఆ కాలంలో మొత్తాన్ని ధరలకు తగ్గట్టు సవరించకపోతే, 5 శాతం లెక్కన పెన్షన్ మొదలయ్యే రోజుకే ప్రతి 100కి 28 విలువే మిగులుతుంది. రిటైరయ్యాక ఎంత బాగా పెంచినా ఆ 28 మీద నుంచే పెంచుతారు. కాబట్టి మధ్యలో మానేసిన వాళ్ల పెన్షన్‌ను మొదలయ్యేదాకా ఏటా సవరిస్తారా అన్నది రెండు సంస్థలనూ అడిగించండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి. సవరిస్తామని మొదటి సంస్థ చెప్పి, రెండోది చెప్పకపోతే నాకు మళ్లీ రాయండి. నా మొగ్గు మారే అవకాశం ఉంది.