టెక్ సందేహాలు: ఇంటి బడ్జెట్ షీట్‌లో 4 లక్షలు ఎక్కడ పోయాయి?

"సార్, పొదలకూరు రోడ్డు వైపు ఒక ఫ్లాట్ 46 లక్షలకి మాట్లాడుకున్నాం. రిజిస్ట్రేషన్, బ్రోకరేజీ, ఇంటీరియర్స్, సామాన్లు మార్చే ఖర్చు అన్నీ వేసి ఫోన్‌లో గూగుల్ షీట్ చేశాను. టోటల్ 51 లక్షలు చూపిస్తోంది, మా ఆయన కాగితం మీద కూడితే 55 పైన వస్తోంది. లింక్ మా అన్నయ్యకీ బ్రోకర్ గారికీ కూడా పంపాను, వాళ్లకీ తప్పు కనిపించలేదు. యాప్‌లో ఏమైనా ప్రాబ్లమా? షీట్ కూడా పంపుతున్నాను." - ఒక పాఠకురాలు, వేదాయపాళెం, నెల్లూరు

మీ ఆయన లెక్కే కరెక్టమ్మా. యాప్‌లో ఏ ప్రాబ్లమూ లేదు, కానీ తప్పంతా మీదే అని కూడా నేననను. ఇదే కంప్లైంట్ ఈ మధ్య నాకు చాలాసార్లు వచ్చింది, ఒకళ్లది ఒంగోలు, ఒకళ్లది కావలి, అందరి షీట్‌లోనూ రోగం ఒకటే. మీ షీట్ తెరిచి చూశా. ఫ్లాట్ రేటు 4600000 అని శుభ్రంగా కొట్టారు. దాని కింద రిజిస్ట్రేషన్ ఖర్చు "3.45L", బ్రోకరేజీ "46,000/-", ఇంటీరియర్స్ మళ్లీ 500000, సామాన్ల బండి "18,000/-". బిల్లు బుక్కులో రాసి రాసి ఆ "/-" మన చేతికి అలవాటైపోయింది, చెక్కు మీద అయితే అది మంచి అలవాటే, షీట్‌లో మాత్రం ఆ గీత గానీ, 3.45 పక్కన ఆ L గానీ పడిన గడి అంకె కింద లెక్కకి రాదు, అక్షరాలైపోతుంది. టోటల్ వేసే SUM ఫార్ములా అక్షరాలున్న గడిని చూసి కిక్కురుమనకుండా దాటేస్తుంది. 46 లక్షలూ 5 లక్షలూ కలిపి 51 చూపించింది, మిగతా మూడు గడుల్లోని 4 లక్షల 9 వేలు గాల్లో కలిసిపోయాయి. అసలు టోటల్ 55,09,000.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అదే గడుల్ని SUM లేకుండా ప్లస్ గుర్తుతో కూడితే షీట్ వెంటనే #VALUE! అని అరుస్తుంది, మనం ఉలిక్కిపడి చూసుకుంటాం. SUM మాత్రం అరవదు. అంకెల వరసలో ఒక గడి అక్షరమైతే కనీసం పసుపు రంగైనా పూయొచ్చు కదా, ఇన్నేళ్లలో ఇన్ని అప్‌డేట్లు ఇచ్చారు, బటన్లు అటూ ఇటూ జరిపారు, ఐకాన్ల మూలలు గుండ్రంగా చేశారు, ఇది మాత్రం ఎవరికీ తట్టలేదు. నేను ఇల్లు కట్టుకునేటప్పుడు కమ్మీ లెక్కలో ఇలాగే "/-" పెట్టి, స్లాబ్ వేసే వారం డబ్బు చాలక మా బావమరిది దగ్గరికి పరిగెత్తాను. అప్పట్నుంచీ ప్రతి షీట్‌లో టోటల్ పక్క గడిలో ఇది పెట్టుకుంటా:

```
=COUNTA(B2:B12)-COUNT(B2:B12)
```

మొదటిది నిండిన గడులన్నీ లెక్కపెడుతుంది, రెండోది అంకెలున్నవి మాత్రమే. తేడా సున్నా రావాలి. మీ షీట్‌లో వేసి చూస్తే 3 వచ్చింది. కంటితో పట్టాలన్నా ఒక గుర్తుంది, అంకె గడిలో కుడి వైపుకి జరిగి కూర్చుంటుంది, అక్షరం ఎడమ వైపుకి అంటుకుంటుంది. సెంటర్ అలైన్‌మెంట్ పెడితే ఆ గుర్తు కూడా పోతుంది, మీరు అదే చేశారు, చూడ్డానికి బాగుంటుందని. లక్షల కామాలు కావాలంటే చేత్తో కొట్టొద్దు. కంప్యూటర్లో Format, Number, Custom number format లోకి వెళ్లి ఇది అతికించండి, గడిలో ఉత్త అంకె ఉన్నా 46,00,000 అని కనిపిస్తుంది:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

కూడిక సరే, ఇప్పుడు షీట్ లోపలి సంగతి. రిజిస్ట్రేషన్ ఖర్చు 3.45 లక్షలు అని ఎవరో చెప్తే అలాగే రాసినట్టున్నారు. అంకె తప్పు కాదు. మన రాష్ట్రంలో సేల్ డీడ్‌కి స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం ఏడున్నర. యూజర్ ఛార్జీలంటూ ఇంకో చిన్న మొత్తం ఉంటుంది. కానీ ఆ ఏడున్నర దేని మీద? మీరు మాట్లాడుకున్న రేటూ, గవర్నమెంటు మార్కెట్ వాల్యూ, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. మీ షీట్‌లో మార్కెట్ వాల్యూ 38 లక్షలు అని ఉంది కాబట్టి 46 మీదే పడుతుంది. అది అలాగే ఉంటుందని లేదు, 2025 ఫిబ్రవరి 1న వాల్యూలు మార్చినప్పుడు ముందు వేసుకున్న లెక్కలు చాలామందికి తలకిందులయ్యాయి. అందుకని అంకె రాయొద్దు, ఫార్ములా రాయండి. B2లో మీ రేటు, టోటల్‌లో కలవకుండా పక్కకి D2లో మార్కెట్ వాల్యూ అనుకుంటే:

```
=MAX(B2,D2)*7.5%
```

వాల్యూ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోనే చూసుకోండి, చివర gov.in ఉందో లేదో చూసి మరీ. దీనికోసం యాప్ దించుకోకండి. స్టాంప్ డ్యూటీ లెక్కేసే యాప్‌కి నా ఫోన్‌లో కాంటాక్టులు ఎందుకు కావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లోన్ దగ్గర దీనికి రివర్సు. ఈ సైజు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు, ఆ విలువలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలపడానికి లేదు. పైగా బ్యాంకు తన వాల్యుయేటర్‌ని పంపిస్తుంది, ఆయన 43 లక్షలు అని రాస్తే మీ 46ని పట్టించుకోరు, రెండింట్లో తక్కువదే తీసుకుంటారు. వాల్యుయేషన్‌ని కూడా అలాగే పక్కకి D3లో పెడితే:

```
=MIN(B2,D3)*80%
```

43 అని వస్తే లోన్ 34.40 లక్షలు. మీరు 46లో 80 శాతం, అంటే 36.80 వస్తుందని వేసుకున్నారు, అందుకే 51లోంచి అది తీసేసి చేతి డబ్బు 14.20 లక్షలు చాలనుకున్నారు. నిజానికి 55.09లోంచి 34.40 పోతే 20.69 లక్షలు కావాలి. తేడా ఆరున్నర లక్షలు, నగలు బ్యాంకులో పెట్టే తేడా అది. ఇందులో రిజిస్ట్రేషన్ రోజుకే 15.51 చేతిలో ఉండాలి, బిల్డర్‌కి కట్టాల్సిన 11.60, డ్యూటీలు 3.45, బ్రోకర్‌ది 46 వేలు, ఇచ్చిన అడ్వాన్సు ఉంటే అందులో తగ్గుతుంది. ఇంటీరియర్స్, బండి తర్వాత. ఇంటీరియర్స్ కొటేషన్ కింద చిన్నక్షరాల్లో జీఎస్టీ ఎక్స్‌ట్రా అని ఉందేమో చూడండి, ఉంటే 18 శాతం, మీ 5 లక్షలకి ఇంకో 90 వేలు. బండి సంగతి వదిలేయండి, వేదాయపాళెం నుంచి పొదలకూరు రోడ్డుకి 18 వేలు ఎవరడిగారో గానీ ఇంకో ఇద్దర్ని అడగండి.

ఇక నాకు నిద్ర పట్టకుండా చేసింది మీ లింక్. షేరింగ్ చూస్తే Anyone with the link, పక్కన Editor. అంటే ఆ లింక్ ఎవరి చేతికి పోయినా, పేరు కూడా తెలియకుండా లోపలికొచ్చి మార్చొచ్చు. రెండో ట్యాబ్‌లో బిల్డర్ అకౌంట్ నంబరు ఉంది, మీ ఇద్దరి పాన్, ఆధార్ ఫొటోలు ఉన్నాయి. ఒక గడిలో "మాక్స్ 48 దాకా పోవచ్చు" అని కూడా రాసుకున్నారు, దాన్నే బ్రోకర్‌కి పంపారు, ఇంక బేరం ఏంది ఆడేది? అకౌంట్ నంబర్లో రెండంకెలు ఎవరైనా మారిస్తే, మీరు ఆర్టీజీఎస్ చేసే రోజు షీట్‌లోంచి కాపీ చేసి కొడితే, ఆ డబ్బు ఎవరికి పోతుందో ఆలోచించండి. ఆ నంబరు షీట్‌లోంచి తీసుకోవద్దు, అగ్రిమెంట్ కాగితంలో ఉన్నదాన్ని మీకు ముందు నుంచీ తెలిసిన ఫోన్ నంబరుకి చేసి చదివించుకోండి.

ఇప్పుడు ఫొటోలు డిలీట్ చేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. Editor హక్కున్న వాళ్లెవరైనా Version history తెరిస్తే పాత షీట్ ఫొటోలతో సహా కనిపిస్తుంది. షీట్ దాచిపెట్టడం, అదే Hide sheet, అది కూడా తాళం కాదు. ముందు ఈ పాత షీట్‌ని Restricted చెయ్యండి, తర్వాత లెక్కల ట్యాబ్ ఒక్కటే కొత్త షీట్‌లోకి కాపీ చేసుకోండి, అన్నయ్య గారికి ఆయన మెయిల్ పేరు మీద Viewer ఇవ్వండి. బ్రోకర్‌కి షీట్ అక్కర్లేదు, ఆయన కమీషన్ లైను ఫోన్‌లో చెప్తే చాలు. ఇంకో మాట, "క్యాష్" అని ఒక ఖాళీ కాలమ్ పెట్టారు, అది దేనికో నేను అడగను. స్థలం, ఇల్లు లావాదేవీల్లో 20 వేలు గానీ ఆ పైన గానీ నగదు పుచ్చుకోవడానికి ఇన్‌కంటాక్స్ చట్టం ఒప్పుకోదు, డాక్యుమెంట్లో తగ్గించి రాస్తే పైన చెప్పిన MINలో మీ లోనూ తగ్గుతుంది. ఆ కాలమ్‌ని ఊరందరికీ తెరిచిన లింక్‌లో పెట్టడం మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

ఆధార్ ఎందుకింత అంటున్నానంటే, 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రలు డౌన్‌లోడ్ చేసి, రబ్బరు ముద్రలు తయారుచేసిన కేసు బయటపడింది. ముద్ర, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, ఈ మూడూ దొరికితే ఆధార్ పేమెంట్ మెషీన్ మీద డబ్బు తీయొచ్చు, ఓటీపీ అడగదు. మీరు ఇల్లు కొంటున్నారంటే అకౌంట్లో లక్షలున్నాయని అర్థం, ముద్రలు ఎలాగూ డాక్యుమెంట్ మీద పడతాయి. అందుకని myAadhaar సైట్‌లో Lock/Unlock Biometrics అని ఉంటుంది, ఇద్దరూ ఇవాళే లాక్ పెట్టండి. ఒకటే జాగ్రత్త, లాక్‌లో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా మీ వేలు పడదు. మా పెద్దక్క రిజిస్ట్రేషన్ రోజు అలాగే అయింది, మెషీన్ పాడైందనుకుని చీర కొంగుతో వేలు తుడిచి తుడిచి ఐదారు సార్లు పెట్టించాం, వెనక క్యూలో వాళ్లు గొణుగుతున్నారు, తీరా చూస్తే ఆ లాక్ పెట్టింది నేనే. టోకెన్ పిలిచాక ఫోన్ తీసి తాత్కాలికంగా అన్‌లాక్ చేసుకోండి, ఆధార్‌కి లింకైన సిమ్ ఉన్న ఫోన్ ఆ రోజు ఇంట్లో మర్చిపోకుండా తీసుకెళ్లండి.