అద్దె రసీదు బదులు బ్యాంకు స్టేట్‌మెంటు పనికొస్తుందా?

ప్రశ్న: విజయవాడలో అద్దెకు ఉంటున్నాను. ఓనరుగారు రసీదులు ఇవ్వరు. మెయింటెనెన్స్ రూ.1,500 కలిపి నెలకు రూ.18,500 యూపీఐలో పంపుతాను. మూడు నెలలు ఆవిడ చెబితే వాళ్లబ్బాయి ఖాతాకు పంపాను. నా బేసిక్, డీఏ కలిపి రూ.40,000, హెచ్‌ఆర్‌ఏ రూ.16,000. స్టేట్‌మెంటు చూపిస్తే మినహాయింపు వస్తుందా?

జవాబు: మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే ఈ మినహాయింపు వర్తిస్తుంది. ఇక స్టేట్‌మెంటు విషయానికొస్తే, ఫలానా తేదీన ఫలానా వారికి డబ్బు వెళ్లిందని అది గట్టిగా రుజువు చేస్తుంది కానీ, ఆ డబ్బు అద్దేనని చెప్పదు. UPI/DR అన్న అక్షరాల పక్కన ఒక నంబరు, సగంలో తెగిపోయిన పేరు తప్ప ఆ వరుసలో సాధారణంగా ఇంకేమీ కనిపించదు. అందుకే దానికి అద్దె ఒప్పందాన్ని జత చేయాలి. ఒప్పందంలోని యజమాని పేరు, అద్దె మొత్తం స్టేట్‌మెంటుతో సరిపోలినప్పుడు రసీదు లేని లోటు చాలావరకు తీరుతుంది.

మీ విషయంలో ఆ రెండూ సరిపోలని చోటు మూడు నెలల చెల్లింపులే. ఒప్పందం తల్లి పేరున, జమ కొడుకు పేరున ఉంటే ఎవరైనా ప్రశ్నిస్తారు. ఆ మూడు తేదీలు, మొత్తాలు పేర్కొని, తన సూచన మేరకే కుమారుడి ఖాతాకు అద్దె జమ అయిందని ఓనరుగారి సంతకంతో ఒక లేఖ తీసుకోండి. రసీదు ఇవ్వడానికి ఇష్టపడనివారు కూడా ఏడాదికొక లేఖకు తరచుగా ఒప్పుకుంటారు.

రెండో చిక్కు మొత్తంలో ఉంది. మెయింటెనెన్స్ అద్దె కాదు కాబట్టి మీరు చూపవలసింది రూ.17,000 మాత్రమే. మీ డీఏ పదవీ విరమణ ప్రయోజనాల లెక్కలోకి వచ్చేదైతే, అందులోంచి జీతంలో పది శాతం, అంటే రూ.4,000 తీసేస్తే రూ.13,000 మిగులుతుంది. అదే జీతంలో విజయవాడకు వర్తించే నలభై శాతం రూ.16,000, అందుకున్న హెచ్‌ఆర్‌ఏ కూడా అంతే. మూడింటిలో తక్కువైన రూ.13,000 నెలకు మినహాయింపు అవుతుంది. స్టేట్‌మెంటులో కనబడుతోంది కదా అని రూ.18,500 వేస్తే ఏడాదికి రూ.18,000 అదనంగా కోరినట్టవుతుంది, ఒప్పందం పక్కన పెట్టి చూసిన క్షణంలోనే అది బయటపడుతుంది. ఇకపై ఈ రెంటినీ విడివిడిగా పంపి, వివరం రాసే చోట నెల పేరుతో సహా ‘అద్దె’ అని రాయండి.

ఏడాది అద్దె లక్ష దాటింది కనుక యజమాని పాన్ నంబరు మీ సంస్థకు ఇవ్వాలి. స్టేట్‌మెంటు ఎంత స్పష్టంగా ఉన్నా ఈ అవసరం తప్పదు. ఫోన్ స్క్రీన్‌షాట్లు కాకుండా ఏప్రిల్ నుంచి మార్చి వరకు బ్యాంకు ఇచ్చే పీడీఎఫ్ తీసుకుని, అద్దె వరుసలను గుర్తుపెట్టి ఇవ్వండి. అయినా రసీదులే కావాలని జీతాల విభాగం పట్టుబట్టి పన్ను కోస్తే, గడువులోగా పాత విధానంలో రిటర్ను వేసి మినహాయింపు కోరవచ్చు. అప్పుడు ఈ పత్రాలన్నీ మీ దగ్గరే భద్రంగా ఉండాలి.