ఇద్దరి మధ్యా ముందు ఒక ఫైలు పెట్టు

చిరంజీవి అమ్ములుకి ఆశీస్సులు.

నీ కథ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. నిజామాబాద్ బ్రాంచిలో మాధవి, రాజమండ్రి బ్రాంచిలో శేఖర్, ఇద్దరూ బీమా ఉద్యోగులు, ఆఫీసు మెయిళ్లలో మొదలైన హాస్యాలు ప్రేమ దాకా వెళ్లడం. ఇతివృత్తం నాకు చాలా నచ్చింది. కానీ మూడో మెయిల్‌కే శేఖర్ "మీ నవ్వు ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను" అంటున్నాడు. ముక్కూమొహం తెలియని వాడు అలా రాస్తే ఏ అమ్మాయికైనా ముందు కలిగేది టెన్షనే.

వాళ్లకి ముందు ఒక పని పెట్టు. "ఆఫీసు పని మీద మెయిళ్లు నడిచాయి" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ పనిలోనే కథంతా ఉంది. ఇలా అనుకో. రాజమండ్రిలో పాలసీ కట్టిన ఒకాయన నిజామాబాద్‌లో స్థిరపడి, అక్కడే పోయాడు. భార్య క్లెయిమ్ కోసం మాధవి దగ్గరికొచ్చింది. పాలసీలో నామినీ పేరు లక్ష్మి, రేషన్ కార్డులో మహాలక్ష్మి. ఇద్దరూ ఒకరేనని తేల్చాలంటే ఆయన మొదట్లో నింపిన ప్రపోజల్ ఫారం చూడాలి. అది ఉన్న పాలసీ ఫైలు, డాకెట్ అంటారు దాన్ని, రాజమండ్రి రికార్డు రూములో ఎక్కడో అడుగున పడి ఉంది.

ఇప్పుడు మాధవికి రాయక తప్పదు, శేఖర్‌కి వెతక్క తప్పదు. మొదటి రెండు మెయిళ్లూ పొడిపొడిగా, మేనేజర్లిద్దరినీ సీసీలో పెట్టి ఉండనీ. మూడోదాంట్లో శేఖర్, "మీ డాకెట్‌ని నాకన్నా ముందే ఎలుకలు పరిశీలించాయేమో మేడమ్, వెతుకుతున్నాను" అంటాడు. "అయితే వాటి సంతకాలు కూడా తీసుకుని పంపండి" అని మాధవి. ఈ జవాబులో సీసీ ఉండదు. ఆ సంగతి నువ్వు వివరించకు. మెయిల్ పైన పేర్లు చూపించు, పాఠకుడే పట్టుకుంటాడు.

ఆ తర్వాత మాధవి రాస్తుంది: "ఆవిడ ఈరోజు మళ్లీ వచ్చారు. మీరు వెతుకుతున్నారని చెప్పాను. ఆ బాబు అన్నం తిని వెతుకుతున్నాడా అని అడిగారు." శేఖర్ జవాబు: "తినలేదని మాత్రం చెప్పకండి." ఆకలి గురించి అడిగింది ఆవిడే అయినా, ఆ ప్రశ్నని మోసుకొచ్చింది మాధవి. దగ్గరితనం ఇలా మూడో మనిషి భుజం మీదుగా వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వాళ్లు వేసే ప్రతి అడుగూ అవసరమైతే "ఆఫీసు మాటేలే" అని వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి.

కాలం కూడా తేల్చుకో. ఈరోజుల్లో అయితే వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకని పాఠకుడు అడుగుతాడు. వాట్సాప్ వచ్చింది 2009లో. కథని 2006లో పెట్టు. మెయిల్ ఆఫీసు కంప్యూటర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోను మేనేజరు బల్ల మీద ఉంటుంది. శనివారం మధ్యాహ్నం పంపినదానికి సోమవారం దాకా జవాబు రాదు. ఆ ఆదివారం మాధవి ఇంట్లో ఏం చేస్తోందో ఒక పేరా రాయి. నీ ప్రతిలో "ఆమె మనసు ఎదురుచూసింది" అన్న వాక్యాలు ఐదారు ఉన్నాయి, అవన్నీ అప్పుడు అక్కర్లేకుండా పోతాయి.

అసలు మలుపు డాకెట్ దొరికి, క్లెయిమ్ తేలి, ఆవిడ చేతికి చెక్కు అందాక వస్తుంది. ఇక రాయడానికి సాకు లేదు. ఇక్కడ తొందరపడకు, కొన్ని రోజులు ఖాళీగా వదిలెయ్. తర్వాత మాధవి అదే పాత మెయిల్‌కి, పాలసీ నంబరూ దాని ముందు "Re:" అలాగే ఉంచి, "ఆ డాకెట్ గురించి మీరు ఇంకేమైనా అడగాలా?" అని రాస్తుంది. శేఖర్ "లేదు మేడమ్" అంటే కథ అక్కడితో అయిపోతుంది. అతను ఏమంటాడో నువ్వే రాయి, కానీ ప్రేమ అన్న మాట రానివ్వకు.

ఇంకొకటి. మనం తెలుగులో చూపిస్తున్నా వాళ్ల మెయిళ్లు ఇంగ్లీషులో నడుస్తాయి కాబట్టి వాళ్లకి మీరా, నువ్వా అన్న చిక్కు ఉండదు. మొదటిసారి ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రం ఏదో ఒకటి అనక తప్పదు. శేఖర్ రెండూ అనకుండా వాక్యాలు తిప్పుకుంటూ ఎంతసేపు నెట్టుకొస్తాడో చూడు. ఆ సన్నివేశం నీ ప్రతిలో లేదు, తప్పకుండా రాయి.

చివరగా గొంతులు. ఇద్దరూ ఒకేలా చమత్కరిస్తున్నారు. పేర్లు చేత్తో మూసి ఏ మెయిల్ ఎవరిదో పోల్చుకోగలవేమో చూడు. మాధవి పొట్టి వాక్యాలు రాసే మనిషి అనుకో, శేఖర్ చెప్పిందానికి ఇంకో ముక్క తగిలించేవాడు అనుకో. మెయిళ్ల భాగమంతా అలా తిరగరాసి దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా. మీ అత్తయ్య మాధవి మెయిళ్లు చదువుతుంది, నేను శేఖర్‌వి చదువుతాను.

మీ మామయ్య